గార్మన్–కోల్‌హాగెన్ సూత్రం: విదేశీ వడ్డీని డివిడెండుగా లెక్కించి కరెన్సీ ఆప్షన్‌కు ధర కట్టడం

విదేశీ కరెన్సీ ఆప్షన్లకు ధర కట్టడానికి బ్యాంకులు ఎక్కువగా వాడేది గార్మన్–కోల్‌హాగెన్ సూత్రం. షేర్ల ఆప్షన్ల కోసం పుట్టిన బ్లాక్–షోల్స్ సూత్రమే దీనికి మూలం. షేరు ఎడతెగకుండా ఇచ్చే డివిడెండు ఉండాల్సిన చోట విదేశీ కరెన్సీ మీద వచ్చే వడ్డీని పెడితే ఈ సూత్రం వస్తుంది. మార్పు చిన్నదే అయినా దాన్ని మరిస్తే ధర కొన్ని పైసలు తేడా రావడంతో ఆగదు. రెండింతలు కావచ్చు, పావు వంతుకు పడిపోనూ వచ్చు. ఈ వ్యాసం రూపాయి–డాలరు ఆప్షన్‌ను ఉదాహరణగా తీసుకుని, ఆ వడ్డీ సూత్రంలోకి ఎందుకు వస్తుందో, ఎంత మేరకు పనిచేస్తుందో వివరిస్తుంది.

పుట్టుక

ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ 1973లో ప్రచురించిన సూత్రం డివిడెండు ఇవ్వని షేరుకు సంబంధించినది. అదే ఏడాది రాబర్ట్ మెర్టన్ దాన్ని విస్తరించి, షేరు తన ధరలో స్థిరమైన శాతాన్ని నిరంతరంగా డివిడెండుగా ఇస్తుంటే ఆప్షన్ ధర ఎలా మారుతుందో చూపించాడు. 1982 డిసెంబరులో ఫిలడెల్ఫియా స్టాక్ ఎక్స్ఛేంజిలో కరెన్సీ ఆప్షన్ల వ్యాపారం మొదలైంది. ఇక వాటికి ధర కట్టే పద్ధతి తక్షణ అవసరమైంది. మరుసటి ఏడాదే మార్క్ గార్మన్, స్టీవెన్ కోల్‌హాగెన్ తమ వ్యాసాన్ని ప్రచురించారు. వారితో సంబంధం లేకుండా ఓర్లిన్ గ్రాబ్, నహుమ్ బిగర్–జాన్ హల్ జంట కూడా 1983లోనే దాదాపు ఇదే ఫలితానికి వచ్చారు. పేరు మాత్రం మొదటి ఇద్దరికే నిలిచింది.

భారతదేశంలో బ్యాంకులు ఖాతాదారులకు రూపాయి–డాలరు ఆప్షన్లు అమ్మడానికి రిజర్వు బ్యాంకు 2003లో అనుమతి ఇచ్చింది. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో ఇవి 2010 అక్టోబరు 29న మొదలయ్యాయి. అక్కడ ఒక్కో కాంట్రాక్టు 1,000 డాలర్లది. గడువు రోజునే వినియోగించుకోగలిగే యూరోపియన్ తరహా ఆప్షన్లు ఇవి. గార్మన్–కోల్‌హాగెన్ సూత్రం సరిగ్గా సరిపోయేది ఈ తరహాకే.

డాలరు ఒక ఆస్తిగా

రూపాయల్లో లెక్క చూసుకునే బ్యాంకుకు డాలరు కూడా ధర మారుతూ ఉండే ఒక ఆస్తి. అయితే డాలరును ఊరికే పెట్టెలో పెట్టుకోరు, డిపాజిట్ చేస్తారు. దానిమీద వడ్డీ కూడా డాలర్లలోనే వస్తుంది. కాబట్టి ఆరు నెలల తర్వాత చేతిలో ఒక డాలరు ఉండాలంటే ఈ రోజు పూర్తి డాలరు కొనక్కర్లేదు. డాలరు వడ్డీ ఏడాదికి 4.5 శాతం చొప్పున నిరంతర చక్రవడ్డీగా పెరుగుతుందనుకుంటే, ఈ రోజు 0.9778 డాలరు డిపాజిట్ చేస్తే చాలు. వచ్చిన డివిడెండుతో మళ్లీ అదే షేరు కొంటూ పోయే మదుపరి పరిస్థితీ ఇదే. అతను కూడా ఒక షేరు కంటే కాస్త తక్కువతో మొదలుపెట్టి చివరికి ఒక షేరు దగ్గరికి చేరుకుంటాడు.

ఆప్షన్ ఉన్నవాడికి మాత్రం ఈ రాబడి అందదు. పాడిగేదెను ఆరు నెలల తర్వాత ఫలానా ధరకు కొనే హక్కు సంపాదించుకున్నవాడికి ఈలోపు దాని పాలు రావు, అవి గేదె ఎవరి కొట్టంలో ఉంటే వాళ్లకే. డాలరు కొనే హక్కు విలువ కట్టేటప్పుడు ఈ అందని రాబడిని తీసివేయాలి. అందుకే సూత్రంలో ఈనాటి మారకపు రేటు S ఒంటరిగా కనబడదు, ఎప్పుడూ విదేశీ వడ్డీతో తగ్గించిన రూపంలోనే వస్తుంది.

```
C = S·e^(−r_f·T)·N(d1) − K·e^(−r_d·T)·N(d2)
P = K·e^(−r_d·T)·N(−d2) − S·e^(−r_f·T)·N(−d1)
d1 = [ln(S/K) + (r_d − r_f + σ²/2)·T] / (σ·√T)
d2 = d1 − σ·√T
```

ఇందులో C కాల్ ఆప్షన్ ధర, అంటే డాలరు కొనే హక్కు ధర. P పుట్ ఆప్షన్ ధర, అంటే డాలరు అమ్మే హక్కు ధర. K ఒప్పుకున్న స్ట్రైక్ ధర, T ఏళ్లలో గడువు, r_d రూపాయి వడ్డీ, r_f డాలరు వడ్డీ, σ మారకపు రేటు ఏడాదిలో ఎంత ఒడుదొడుకులకు లోనవుతుందో చెప్పే వొలటాలిటీ. N అనేది నార్మల్ పంపిణీలో ఆ విలువ దాకా ఉన్న సంభావ్యత. r_f ఉన్న ప్రతిచోటా డివిడెండు రేటు రాస్తే మెర్టన్ 1973 సూత్రం అక్షరాలా తిరిగి వస్తుంది.

డాలరు పెరుగుతుందా, తగ్గుతుందా అన్న అంచనాకు ఈ సూత్రంలో చోటు లేదు. d1లో కనిపించే r_d − r_f మన అంచనా కాదు. అది రెండు దేశాల వడ్డీల తేడా. రూపాయి వడ్డీ ఎక్కువగా ఉంటే ఫార్వర్డ్ మార్కెట్లో డాలరు ఈనాటి రేటు కంటే ప్రియంగా పలుకుతుంది. రూపాయలు అప్పు తెచ్చి డాలర్లు కొని డిపాజిట్ చేసేవాడికి మిగులు లేకుండా చేసే ధరే ఆ ఫార్వర్డ్ రేటు. ఆప్షన్ ధర ఆ రేటు చుట్టూ నిలబడి ఉంటుంది.

ఒక పుట్ ఆప్షన్ లెక్క

గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే ఒక వ్యాపారికి ఆరు నెలల తర్వాత లక్ష డాలర్లు రావాల్సి ఉందనుకుందాం. డాలరు పడిపోతే అతనికి నష్టం. డాలరును 84 రూపాయలకు అమ్మే హక్కు, అంటే పుట్ ఆప్షన్, బ్యాంకు దగ్గర కొంటాడు. లెక్క కోసం ఈ అంకెలు తీసుకుందాం: ఈనాటి రేటు 84.00, స్ట్రైక్ 84.00, గడువు అర ఏడాది, రూపాయి వడ్డీ 6.5 శాతం, డాలరు వడ్డీ 4.5 శాతం, వొలటాలిటీ 4 శాతం. వడ్డీలు రెండూ నిరంతర చక్రవడ్డీ పద్ధతిలోవి.

ముందు ఫార్వర్డ్ చూడాలి. రెండు శాతం తేడా అర ఏడాది పాటు, అంటే ఒక శాతం. 84 రూపాయలకు అది కలిపితే 84.84 వస్తుంది. తర్వాత d1 0.3677, d2 0.3394 వస్తాయి. N(−d1) విలువ 0.3566, N(−d2) విలువ 0.3672. అర ఏడాదికి రూపాయి తగ్గింపు గుణకం 0.9680, డాలరుది 0.9778. వీటిని సూత్రంలో పెడితే ఒక డాలరుకు పుట్ ధర సుమారు 57 పైసలు వస్తుంది. లక్ష డాలర్లకు వ్యాపారి కట్టాల్సిన ప్రీమియం దాదాపు 57,000 రూపాయలు. ఇదే స్ట్రైక్ ఉన్న కాల్ ధర 1 రూపాయి 39 పైసలు.

ఈనాటి రేటు, స్ట్రైక్ రెండూ 84 అయినప్పుడు కొనే హక్కు, అమ్మే హక్కు కంటే ఎందుకు ఇంత ప్రియం? ఫార్వర్డ్ రేటు 84.84 దగ్గర ఉంది కాబట్టి. 84కు కొనే హక్కు అప్పటికే లాభం వైపు మొగ్గి ఉంది, అమ్మే హక్కు నష్టం వైపు మొగ్గి ఉంది.

ఇప్పుడు డాలరు వడ్డీని మరచి మామూలు బ్లాక్–షోల్స్ సూత్రం వాడితే ఏమవుతుందో చూద్దాం. r_f సున్నా అయితే కాల్ ధర 2 రూపాయల 83 పైసలకు ఎగబాకుతుంది, పుట్ ధర 15 పైసల లోపుకు పడిపోతుంది. 57 పైసల సరుకును బ్యాంకు పావు ధరకు అమ్మినట్టు. పొరపాటు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక మంచి పరీక్ష ఉంది. కాల్ ధరలోంచి పుట్ ధర తీసేసి, ఆ తేడాను రూపాయి వడ్డీతో గడువు దాకా పెంచి, స్ట్రైక్‌కు కలపాలి. వచ్చే అంకె మార్కెట్లోని ఫార్వర్డ్ రేటుతో సరిపోవాలి. మన సరైన లెక్కలో 84.84 వస్తుంది. తప్పు లెక్కలో 86.77 వస్తుంది. ఆ ధరలకు కోట్ చేసే బ్యాంకు కనబడితే, ఎదుటి డీలరు దానికి కాల్ అమ్మి, దాని దగ్గర పుట్ కొని, ఫార్వర్డ్‌లో 84.84కు డాలర్లు తీసుకుంటాడు. గడువు రోజున మారకపు రేటు ఎంతయినా అతనికి డాలరుకు 1 రూపాయి 93 పైసలు ఖాయం. కాల్–పుట్ తేడా తన సూత్రం లోపలే పొందిగ్గా సరిపోవడం చూసి తృప్తిపడితే ఈ తప్పు దొరకదు. బయటి ఫార్వర్డ్ రేటుతో పోల్చి చూసినప్పుడే దొరుకుతుంది.

సూత్రం వెనక ఉన్న ఖాతా

పుట్ అమ్మిన బ్యాంకు పుస్తకంలో ఏం జరుగుతుందో చూస్తే, విదేశీ వడ్డీ సూత్రంలోకి అలంకారంగా రాలేదని తెలుస్తుంది. డాలరు పడితే బ్యాంకు వ్యాపారికి డబ్బు చెల్లించాలి. అందుకని డాలరు పడితే లాభం వచ్చే స్థితిలో తాను ముందే ఉండాలి. ఎంత మేరకు అన్నది డెల్టా చెబుతుంది. మన ఉదాహరణలో అది డాలరు వడ్డీతో తగ్గించిన N(−d1), అంటే 0.3486. కాబట్టి బ్యాంకు 34,862 డాలర్లు 4.5 శాతం వడ్డీకి అప్పు తెచ్చి, 84 చొప్పున అమ్మి, 29.28 లక్షల రూపాయలు తెచ్చుకుంటుంది. దానికి వ్యాపారి కట్టిన 57,000 కలిపి మొత్తం 29.85 లక్షలు 6.5 శాతానికి డిపాజిట్ చేస్తుంది. పుట్ సూత్రంలోని మొదటి పదం ఆ రూపాయి డిపాజిట్టే, రెండో పదం ఆ డాలరు అప్పే. రెండింటి తేడా ప్రీమియం.

మరుసటి రోజు వరకు లెక్క నడిపిద్దాం. డాలరు అప్పు మీద బ్యాంకు కట్టే వడ్డీ రోజుకు సుమారు 361 రూపాయలు. రూపాయి డిపాజిట్ మీద వచ్చేది సుమారు 532. నికరంగా 171 రూపాయలు బ్యాంకుకు మిగులుతాయి. ఒక రోజు గడిచినందుకు పుట్ విలువ దాదాపు 67 రూపాయలు తరుగుతుంది, అదీ అమ్మిన బ్యాంకుకే లాభం. మొత్తం 238 అనుకుందాం. మరి నష్టం ఎక్కడ? డాలరు కదిలినప్పుడల్లా డెల్టా మారుతుంది. రేటు తగ్గితే ఇంకొన్ని డాలర్లు తక్కువకు అమ్మాలి, పెరిగితే కొన్నింటిని ఎక్కువకు కొనాలి. 4 శాతం వొలటాలిటీ అంటే రోజుకు సుమారు 17.6 పైసల కదలిక. రేటు ఎటు కదిలినా అంత కదిలితే బ్యాంకు సుమారు 2,700 డాలర్లు సర్దుకోవాల్సి వస్తుంది, అందువల్ల కలిగే నష్టం దాదాపు ఆ లాభమంతే, 237 రూపాయలు. లాభనష్టాలు సమానమవుతాయి. సూత్రం సరైన ధర అంటున్నది ఈ సమానత్వాన్నే. డాలరు అప్పు మీద వడ్డీని లెక్కలో వేయనివాడి పుస్తకంలో రోజూ 361 రూపాయల చిల్లు పడుతుంది, ఎందుకో అర్థం కాదు.

షేర్లతో పోలిస్తే కరెన్సీకి ఈ నిరంతర రాబడి ఊహ బాగా నప్పుతుంది. కంపెనీలు డివిడెండును ఏడాదికి ఒకటి రెండు సార్లు, తమ ఇష్టప్రకారం ఇస్తాయి. దాన్ని ఎడతెగని ప్రవాహంగా చూడటం సర్దుబాటే. వడ్డీ మాత్రం నిజంగానే రోజురోజుకూ పెరుగుతుంది, రేటు ముందే తెలిసి ఉంటుంది. మెర్టన్ షేర్ల కోసం రాసిన ఊహకు కరెన్సీయే అసలైన చోటని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

అద్దంలో అదే ఆప్షన్

షేరు దగ్గర లేని ఒక గుణం కరెన్సీ దగ్గర ఉంది. 84 రూపాయలిచ్చి ఒక డాలరు కొనే హక్కు, అమెరికాలో కూర్చున్నవాడి కోణంలో, 84 రూపాయలను ఒక డాలరుకు అమ్మే హక్కు. అంటే రూపాయి మీద పుట్. అతని సూత్రంలో స్వదేశీ వడ్డీ, విదేశీ వడ్డీ చోట్లు మారతాయి, మారకపు రేటు 1/84 అవుతుంది. అయినా అతను కట్టిన డాలర్ల ధరను 84తో గుణిస్తే మనం కట్టిన రూపాయల ధరే రావాలి. సూత్రంలో రెండు వడ్డీలూ ఒకే రకమైన స్థానంలో నిలబడటం వల్లనే ఇది సాధ్యం. కొత్త ప్రోగ్రాము రాసినవాళ్లు మొదట చేయాల్సిన తనిఖీ కూడా ఇదే. r_d, r_f పొరపాటున తారుమారైతే ధర నమ్మదగ్గట్టే కనిపిస్తుంది. మన ఉదాహరణలో అలా జరిగితే, ఫార్వర్డ్ 84 కంటే పైన ఉండాల్సింది కిందికి దిగుతుంది. అది చూడగానే అనుమానించాలి.

ఏ డాలరు వడ్డీ?

ఆచరణలో అన్నిటికంటే చిక్కు ప్రశ్న ఇది. పుస్తకంలో r_f అంటే రిస్కు లేని డాలరు వడ్డీ. కానీ రూపాయి మార్కెట్లో మూలధనం రాకపోకలపై ఆంక్షలున్నాయి. ఎవరైనా అనుకున్నంత డాలరు అప్పు తెచ్చి ముంబయిలో రూపాయలుగా మార్చి డిపాజిట్ చేయలేరు. అందువల్ల ఫార్వర్డ్ ప్రీమియం రెండు వడ్డీల తేడాకు సరిగ్గా సమానం కానక్కర్లేదు. పత్రికల్లో కనిపించే అమెరికా వడ్డీ రేటును తెచ్చి సూత్రంలో పెడితే, ఈ తేడా అంతా ఆప్షన్ ధరలోకి తప్పుగా చేరిపోతుంది.

డీలర్లు దీన్ని తిరగేసి చేస్తారు. రూపాయి వడ్డీ, మార్కెట్లో పలికే ఫార్వర్డ్ రేటు తీసుకుని, వాటినుంచి r_f రాబడతారు. పైన చెప్పిన అంకెలతోనే, ఆరు నెలల ఫార్వర్డ్ నిజంగా 84.60 మాత్రమే ఉందనుకుందాం. అప్పుడు రాబట్టిన డాలరు వడ్డీ 4.5 కాదు, దాదాపు 5.08 శాతం. పుట్ ధర 57 పైసల నుంచి 66 పైసలకు పెరుగుతుంది. మిర్చి వ్యాపారికి లక్ష డాలర్ల మీద అది దాదాపు 9,000 రూపాయల తేడా. ఈ పనినే ఇంకో దారిలో చేయవచ్చు: S, r_f రెండింటినీ పక్కనపెట్టి నేరుగా ఫార్వర్డ్ రేటును వాడితే, ఫిషర్ బ్లాక్ 1976లో ఫ్యూచర్స్ ఆప్షన్లకు రాసిన సూత్రం వస్తుంది. జవాబు ఒకటే.

వడ్డీ రాసే పద్ధతి కూడా చూసుకోవాలి. డాలరు మార్కెట్లో వడ్డీని ఏడాదికి 360 రోజుల లెక్కన సాధారణ వడ్డీగా చెబుతారు. రూపాయికి 365 రోజులు. సూత్రానికి కావలసింది నిరంతర చక్రవడ్డీ. మన ఉదాహరణలో ఆరు నెలల 6.5 శాతం నిరంతర రేటు, సాధారణ వడ్డీలో 6.61 శాతం అవుతుంది. మార్చకుండా వాడితే ఫార్వర్డ్ కదిలిపోతుంది. వొలటాలిటీకి లెక్కించే కాలం ఆప్షన్ గడువు దాకా అయితే, వడ్డీకి లెక్కించే కాలం డబ్బు చేతులు మారే రోజు దాకా. డాలరు–రూపాయి స్పాట్ లావాదేవీ రెండు పనిదినాల తర్వాత పరిష్కారమవుతుంది కాబట్టి స్వల్పకాలిక ఆప్షన్లలో ఈ తేడాను పట్టించుకోవాలి.

గడువుకు ముందే వినియోగించుకునే హక్కు

పై అంకెలతోనే స్ట్రైక్ 90 ఉన్న పుట్ తీసుకుందాం. ఈ రోజే వినియోగించుకోగలిగితే 6 రూపాయల లాభం. యూరోపియన్ తరహాలో సూత్రం చెప్పే ధర మాత్రం సుమారు 5 రూపాయలే. ఇది లెక్క తప్పు కాదు. 90 రూపాయలు ఆరు నెలల తర్వాత గానీ రావు. ఆ ఆలస్యానికి 6.5 శాతం వడ్డీ పోతుంది, దానికి ప్రతిగా డాలరు మీద వచ్చేది 4.5 శాతమే. గడువుకు ముందే వినియోగించుకునే అమెరికన్ తరహా పుట్ ఎప్పుడూ 6 రూపాయల కంటే తగ్గదు. డివిడెండు లేని షేరు మీద కాల్‌ను ముందే వినియోగించుకోవడం ఎన్నడూ లాభసాటి కాదన్నది మెర్టన్ చూపిన ప్రసిద్ధ ఫలితం. విదేశీ వడ్డీ డివిడెండులా పనిచేస్తుంది కాబట్టి కరెన్సీలో ఆ మాట చెల్లదు. విదేశీ వడ్డీ స్వదేశీ వడ్డీ కంటే ఎక్కువగా ఉంటే, బాగా లాభంలో ఉన్న కాల్‌ను ముందే వినియోగించుకుని ఆ వడ్డీ అందుకోవడమే మేలు కావచ్చు. ఇలాంటి ఆప్షన్లకు ద్విపద వృక్షం వంటి అంచెలంచెల గణన కావాలి. అందులోనూ ప్రతి అంచెలో పెరుగుదల r_d − r_f ప్రకారమే ఉంటుంది.

సూత్రం విరిగే చోట్లు

సూత్రం రెండు వడ్డీలనూ, వొలటాలిటీనీ స్థిరమని అనుకుంటుంది. ఆరు నెలల ఆప్షన్‌కు వడ్డీల గురించిన ఊహ పెద్దగా హాని చేయదు. పదేళ్ల ఆప్షన్‌లో మాత్రం ఫార్వర్డ్ రేటు కదలికలో వడ్డీల వాటా పెద్దది, దాన్ని విడిగా నమూనాలోకి తేవాలి. వొలటాలిటీ విషయం ఇంకా స్పష్టం. మార్కెట్లో ఒకే గడువుకు వేర్వేరు స్ట్రైక్‌ల ఆప్షన్లు వేర్వేరు వొలటాలిటీలతో పలుకుతాయి. అందువల్ల డీలర్లు ధరకు బదులు వొలటాలిటీనే కోట్ చేసుకుంటారు, స్ట్రైక్‌కు బదులు డెల్టా చెప్పుకుంటారు, బేరం కుదిరాక గార్మన్–కోల్‌హాగెన్ సూత్రంతో దాన్ని డబ్బుగా మార్చుకుంటారు. సూత్రం చెప్పే ప్రపంచాన్ని ఎవరూ నమ్మకపోయినా అందరూ మాట్లాడుకునే భాష అదే.

అన్నిటికంటే తీవ్రమైన వైఫల్యం కేంద్ర బ్యాంకు అదుపులో ఉన్న కరెన్సీలలో కనిపిస్తుంది. స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు 2011 సెప్టెంబరు నుంచి యూరో 1.20 ఫ్రాంకుల కంటే దిగకుండా కాపు కాసింది. ఆ గోడ ఉన్నన్నాళ్లూ కదలికలు చాలా తక్కువ కాబట్టి గత రేట్ల నుంచి లెక్కించిన వొలటాలిటీ కూడా అతి తక్కువగానే వచ్చేది. 2015 జనవరి 15న ఆ బ్యాంకు ముందస్తు హెచ్చరిక లేకుండా గోడ తీసేసింది. నిమిషాల్లో యూరో ఒక ఫ్రాంకు కిందికి పడిపోయింది. మన లెక్కలో రోజూ 17.6 పైసలు కదిలే డాలరును బ్యాంకు కొంచెం కొంచెంగా అమ్ముతూ, కొంటూ సర్దుకుంది. రేటు ఒక్క దెబ్బన దూకితే మధ్యలో సర్దుకోవడానికి ధరే ఉండదు, విదేశీ వడ్డీని ఎంత కచ్చితంగా లెక్కించినా ఆ నష్టాన్ని ఆపలేదు. ఆ ప్రమాదానికి ధర కట్టాలంటే దూకుళ్లను ప్రత్యేకంగా చేర్చిన నమూనాలు కావాలి. మెర్టన్ 1976లో ప్రతిపాదించిన నమూనా వాటిలో తొలినాటిది.